రోజుకు రెండు దిమ్మలు చాలన్న అంచనా ఎలా గెలిచింది?

(విశాఖపట్నంలో డేటా పని చేసేవాళ్లు, స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఈరోజు ఒక్క కేసే చెప్తాను, దాన్నే అటూ ఇటూ తిప్పి చూద్దాం. మన ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉంది, పేరు మనకు అక్కర్లేదు. అక్కడ ఏ రోజుకు ఎన్ని దిమ్మలు అమ్ముడవుతాయో ముందే చెప్పే పని కొన్నాళ్లు నేనూ, ఇంకో ఇద్దరూ చూశాం. మూడు మోడళ్లు కట్టాం, పాత డేటా మీద పరీక్ష పెట్టాం, ఎర్రర్ శాతం అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని ఎంచి వాళ్లకు ఇచ్చాం. జూన్ 14న ఫ్యాక్టరీలో ఐస్ లేదు. బోట్లవాళ్లు లారీలు పెట్టి వేరేచోట నుంచి తెచ్చుకున్నారు. తర్వాత కూర్చుని లెక్కలు తిరగేస్తే తేలింది ఏమిటంటే, మోడల్ తను నేర్చుకోవాల్సింది సరిగ్గానే నేర్చుకుంది. మేం ఇచ్చిన కొలబద్ద అడిగింది అది చేసింది. తప్పంతా కొలబద్దలో ఉంది.

ఇక్కడ చాలామంది వైజాగ్ వాళ్లే కాబట్టి వేట నిషేధం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలు వేటకు వెళ్లకూడదు. ఇంజిన్ లేని తెప్పల మీద వెళ్లేవాళ్లకు అది వర్తించదు. అంటే ఐస్ ఫ్యాక్టరీకి ఆ రెండు నెలలూ అమ్మకం దాదాపు సున్నా, తెప్పలవాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు పట్టుకెళ్లే ఒకటీ రెండూ దిమ్మలు తప్ప. తర్వాత జూన్ 14 రాత్రికి నిషేధం ముగుస్తుంది కాబట్టి ఆ రోజే బోట్లన్నీ ఐస్ ఎక్కించుకోవాలి. రెండు నెలలు ఖాళీగా ఉన్న గేటు ముందు ఒక్కసారిగా వరుస కడతారు.

ఇంకో విషయం కూడా తెలియాలి, దిమ్మ ఎలా తయారవుతుందో. పెద్ద ఉప్పునీటి తొట్టి ఉంటుంది, గడ్డకట్టని చల్లటి ఉప్పునీరు. అందులో మంచినీళ్లు నింపిన ఇనప డబ్బాలు వరుసగా దించుతారు. లోపలి నీళ్లు గడ్డకట్టడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. తర్వాత క్రేన్‌తో డబ్బాను పైకి లేపి మామూలు నీళ్లలో ఒకసారి ముంచుతారు, అంచులు కాస్త కరిగి దిమ్మ జారి బయటికి వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ జారే శబ్దానికి ఉలిక్కిపడ్డాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సోమవారం సాయంత్రం లెక్క మూసి, మంగళవారం ఉదయం డబ్బాలు నింపితే, అవి అమ్మకానికి వచ్చేది బుధవారం. కాబట్టి మనం వేసే అంచనా రెండు రోజుల ముందుది. పరీక్ష కూడా రెండు రోజుల ముందు అంచనా మీదే పెట్టాలి. రేపటి అంచనా ఎంత బాగా వచ్చినా ఇక్కడ ఎవరికీ పనికిరాదు.

డేటా విడదీయడం దగ్గరే చాలామంది జారిపడతారు కాబట్టి ముందు అది చూద్దాం. చూసిన డేటాకు మోడల్ ఎంత బాగా సరిపోయిందో చూసి మురిసిపోవడం తేలిక, నేర్చుకున్న పాఠమే అప్పజెప్పమంటే ఎవరైనా చెప్తారు. చూడని రోజుల మీద చూడాలి. మామూలు డేటాలో అయితే వరుసలను పేకముక్కల్లా కలిపేసి ఇరవై శాతం పక్కన పెడతారు. కాలంతో నడిచే డేటాలో అలా చేస్తే జూన్ 11, 13 తేదీలు ట్రైనింగ్‌లో ఉండి జూన్ 12 టెస్ట్‌లో పడుతుంది. రెండు పక్కలా జవాబు చూపించి మధ్యది చెప్పమన్నట్టు. అందుకని తేదీ ప్రకారమే కోయాలి. ఒక్కచోట కోసి వదిలేయకుండా ఆ కోతను ముందుకు జరుపుతూ పోవాలి. ఏప్రిల్ 30 దాకా చూపించి మే 2 ఎంత అని అడుగుతాం, తర్వాత మే 1 కూడా కలిపి మే 3 ఎంత అని అడుగుతాం, ఇలా. నిజంగా ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని ఉంటే మన చేతిలో ఏముండేదో అంతే మోడల్‌కు ఇవ్వాలి.

ఆ "అంతే" అన్నదే కష్టం. మా టేబుల్‌లో "బయల్దేరిన బోట్లు" అని ఒక కాలమ్ ఉండేది. దాన్ని కలిపితే మోడల్ అద్భుతంగా పనిచేసింది. వారం తర్వాత ఫ్యాక్టరీ మేస్త్రి గారిని, ఈ అంకె మీరు ఎప్పుడు రాస్తారండీ అని అడిగితే, "రాత్రి గేటు మూసేటప్పుడు" అన్నారు. అంటే బుధవారం బోట్ల లెక్క బుధవారం రాత్రికి గానీ తెలియదు, మేం దాన్ని పెట్టుకుని బుధవారం ఐస్ అంచనా వేస్తున్నాం. ఇలాంటిది కోడ్ చదివితే దొరకదు. ప్రతి కాలమ్‌కూ, ఈ అంకె కాగితం మీదికి ఎన్నింటికి ఎక్కుతుంది అని రాసేవాళ్లను అడగాలి. ఎర్రర్ ఉన్నట్టుండి సగానికి పడిపోతే సంతోషించేముందు ఈ ప్రశ్న వేయండి.

సరే, ఇక కొలబద్దల దగ్గరికి. జూన్ 5 నుంచి 14 దాకా పది రోజులు తీసుకుందాం. చెప్పడానికి తేలిగ్గా ఉండాలని అంకెలు చిన్నవి చేశాను, తీరు మాత్రం అసలుదే. తెర మీద చూడండి.

```python
asalu = [4, 2, 5, 1, 3, 4, 2, 5, 4, 120]
```

తొమ్మిది రోజులు ఒకటి నుంచి ఐదు దిమ్మలు, పదో రోజు 120. మొత్తం 150. సగటు 15. చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చి మధ్యలో ఉన్నది చూస్తే, అంటే మధ్యగతం, 4.

ఇప్పుడు ఒక ప్రయోగం. పది రోజులకూ ఒకే అంకె చెప్పాలి అనుకుందాం. ఇది అంచనా వేయడం కాదు, జవాబులు తెలిసే చేస్తున్నాం. ఒక్కో కొలబద్ద మననుంచి ఏ అంకెను కోరుకుంటుందో బయటపెట్టడానికి మాత్రమే. మూడు అంకెలు పోటీకి పెడదాం, రోజుకు 15, రోజుకు 4, రోజుకు 2.

మొదట ఎంఏఈ. రోజూ అంచనాకూ అసలుకూ తేడా ఎంతో తీసి, ప్లస్సా మైనస్సా అన్నది వదిలేసి సగటు కట్టడం. రోజుకు 15 అన్నవాడికి తొమ్మిది రోజుల తేడాలు కలిపితే 105, చివరి రోజు ఒక్కటే ఇంకో 105, మొత్తం 210, పదితో భాగిస్తే 21 దిమ్మలు. రోజుకు 4 అన్నవాడికి తొమ్మిది రోజులకు 10, చివరి రోజు 116, సగటు 12.6. రోజుకు 2 అన్నవాడికి 13.2. గెలిచింది 4, అంటే మధ్యగతం. ఇది ఈ పది రోజులకే జరిగిన వింత కాదు, ఎప్పుడూ ఇంతే. ఎందుకో చూడండి. మీ అంకెను 4 నుంచి 5కి జరిపారనుకోండి, 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అమ్మిన రోజుల్లో తేడా ఒక్కొక్కటి తగ్గుతుంది, 4 గానీ తక్కువ గానీ అమ్మిన రోజుల్లో ఒక్కొక్కటి పెరుగుతుంది. ఎటు రోజులు ఎక్కువుంటే అటు లాగుతుంది. చివరి రోజు 120 అయినా 1,200 అయినా దానికి ఒక్క ఓటే. రెండు పక్కలా ఓట్లు సమానమయ్యే చోటు మధ్యగతం, అక్కడ ఆగుతుంది.

ఇప్పుడు ఆర్‌ఎంఎస్‌ఈ. తేడాలను వర్గం చేసి, సగటు కట్టి, చివర్లో వర్గమూలం తీయడం. రోజుకు 15 అన్నవాడికి 35.0, రోజుకు 4 అన్నవాడికి 36.7, రోజుకు 2 అన్నవాడికి 37.4. ఈసారి గెలిచింది 15, అంటే సగటు. వర్గం చేశాక దూరంగా ఉన్న రోజు గట్టిగా లాగుతుంది, ఎంత దూరముంటే అంత బలం. ఆ లాగుళ్లన్నీ సరితూగే చోటు సగటు.

అందుకని ఎవరైనా "ఆర్‌ఎంఎస్‌ఈ మంచిదా, ఎంఏఈ మంచిదా" అని అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను, మీకు సగటు కావాలా, మధ్యగతం కావాలా అని. రోజువారీ అంకెలు కలిపి నెలకు ఎంత కరెంటు అని లెక్క కట్టేవాడికి సగటు కావాలి, ఎందుకంటే సగటులను కూడితే మొత్తం వస్తుంది. 15ని పదితో గుణిస్తే 150, సరిగ్గా అమ్మినంత. 4ని పదితో గుణిస్తే 40, మధ్యగతాలను కూడితే మొత్తం రాదు. అదే మామూలు రోజున గేటు దగ్గర ఎన్ని దిమ్మలు సిద్ధంగా ఉంచాలి అనుకునేవాడికి 15 అన్నది ఏ రోజుకూ పనికిరాని అంకె, తొమ్మిది రోజులు పదేసి దిమ్మలు ఎక్కువ, పదో రోజు వందకు పైగా తక్కువ. "పెద్ద తప్పులను ఆర్‌ఎంఎస్‌ఈ ఎక్కువ శిక్షిస్తుంది" అని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. కానీ ఆ మాట దగ్గర ఆగిపోతే రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులన్న సంగతి కనిపించదు.

ఆర్‌ఎంఎస్‌ఈకి ఉన్న అసలు ఇబ్బంది ఇంకొకటుంది. రోజుకు 4 అన్నవాడి వర్గాల మొత్తం 13,476. అందులో 13,456 ఒక్క జూన్ 14దే. మిగతా తొమ్మిది రోజులూ కలిపి 20. అంటే ఈ పది రోజుల మీద రెండు మోడళ్లను ఆర్‌ఎంఎస్‌ఈతో పోలిస్తే పది రోజుల్ని పోల్చినట్టు పైకి కనిపిస్తుంది, నిజానికి పోల్చింది ఒక్క రోజును. ఆ రోజు ఎవడికి అదృష్టం కలిసొస్తే వాడు గెలుస్తాడు. జూన్ 14 ఏడాదికి ఒక్కసారే వస్తుంది కాబట్టి అయిదారేళ్ల డేటా ఉన్నా మన దగ్గర ఉన్నది అయిదారు ఉదాహరణలే. కాబట్టి ఆర్‌ఎంఎస్‌ఈ ఇచ్చేటప్పుడు, అందులో అన్నిటికంటే పెద్ద రోజు వాటా ఎంతో కూడా పక్కన రాయండి. 99 శాతం పైన వస్తే ఆ అంకె మీద నిర్ణయం తీసుకోవద్దు, ఆ రోజును విడిగా చూడండి.

ఇప్పుడు మమ్మల్ని ముంచిన కొలబద్ద. మేప్. ప్రతి రోజూ తేడాను ఆ రోజు అసలు అమ్మకంతో భాగించి, శాతం చేసి, సగటు కట్టడం. అందరికీ ఎందుకు ఇష్టమో నాకు తెలుసు. యజమాని గారి ముందు కూర్చుని "ఎర్రర్ 12.6 దిమ్మలండీ" అంటే అది మంచిదో చెడ్డదో ఆయనకు తెలియదు, "పది శాతమండీ" అంటే తలూపుతారు. మాదీ అదే కథ.

మన ముగ్గురికీ మేప్ కడదాం. రోజుకు 15 అన్నవాడికి 441 శాతం. రోజుకు 4 అన్నవాడికి 67 శాతం. రోజుకు 2 అన్నవాడికి 50.2 శాతం. ఒకటి, మూడు కూడా వేసి చూశాను, 65, 55 వచ్చాయి, రెండే గెలిచింది. పది రోజుల్లో 150 దిమ్మలు అమ్ముడైన చోట మొత్తం ఇరవై దిమ్మలు చాలన్న అంచనా గెలిచింది!

ఎందుకు? నాలుగో రోజు చూడండి, అమ్మింది ఒక్క దిమ్మ. అక్కడ 4 అన్నవాడు తప్పింది మూడు దిమ్మలు, శాతంలో 300. చివరి రోజు అదే మనిషి 116 దిమ్మలు తప్పాడు, గేటు ముందు బోట్లవాళ్లు నిలబడి ఉన్నారు, శాతంలో 96.7. అంటే మూడు దిమ్మలు మిగలడం, 116 దిమ్మలు తక్కువవడం కంటే మూడు రెట్లు పెద్ద తప్పని ఈ కొలబద్ద చెప్తోంది. దీని వెనక ఒక ఒంటిపక్క లెక్క ఉంది. అంచనా మైనస్ కాకుండా ఉన్నంతవరకు తక్కువ చెప్తే ఎంత తప్పినా వంద శాతం దాటదు, సున్నా చెప్పినా వంద శాతమే. ఎక్కువ చెప్తే పైకి హద్దు లేదు. అలాంటప్పుడు తెలివైన మోడల్ ఏం చేస్తుంది? తక్కువ చెప్పడం నేర్చుకుంటుంది. ఎంఏఈ ప్రతి రోజుకూ ఒక ఓటు ఇస్తుంది అన్నాను కదా, మేప్ కూడా ఓట్లే లెక్కపెడుతుంది, కానీ ఒక దిమ్మ అమ్మిన రోజుకు ఒక ఓటు, నాలుగు దిమ్మల రోజుకు పావు ఓటు, 120 దిమ్మల రోజుకు నూట ఇరవైలో ఒక వంతు. చిన్న రోజుల చేతిలోనే పెత్తనమంతా.

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటుంది. మా మూడు మోడళ్లలో ఒకటి క్యాలెండర్ చూసేది. నిషేధం ఎప్పుడు ముగుస్తుందో దానికి తెలుసు. ఈ పది రోజులకు అది చెప్పినది సుమారుగా ఇలా ఉంటుంది, తొమ్మిది రోజులు నాలుగేసి, చివరి రోజు 80. మొత్తం 120 పట్టుకోలేదు, కానీ డబ్బాలు నింపుకోవాలన్న సంగతి చెప్పింది. దాని ఎంఏఈ 5. ఆర్‌ఎంఎస్‌ఈ 12.7. ఈ రెండిట్లో దేనితో చూసినా మిగతా ముగ్గురూ దాని దరిదాపుల్లో లేరు. మేప్ ఎంతో తెలుసా? 60.7 శాతం. రోజుకు రెండు దిమ్మలన్న మొద్దు అంచనాకు 50.2. అంటే ఈ పరీక్షలో రాబోయే రద్దీ కనిపెట్టినవాడు ఫెయిలై, ఏమీ చూడనివాడు పాసయ్యాడు. మేం పాసైనవాడిని తీసుకెళ్లి ఫ్యాక్టరీకి ఇచ్చాం.

ఏడాది మొత్తం మీద కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే కనిపించకుండా. సీజన్‌లో 300 దిమ్మలు అమ్మే రోజున 30 తప్పితే పది శాతం. నిషేధంలో ఒక దిమ్మ అమ్మిన రోజున మూడు తప్పితే 300 శాతం. ముప్ఫై సీజన్ రోజుల తప్పు ఒక్క ఖాళీ రోజుతో సమానం. 61 రోజుల ఖాళీ కాలం, డబ్బు వచ్చే 304 రోజుల్ని మింగేస్తుంది. మేప్ తక్కువుంది కదా అని మీరు ఎంచుకున్న మోడల్, నిజానికి వ్యాపారం లేని రోజుల్లో బాగా చేసే మోడల్ అయ్యుండొచ్చు. దీన్ని పట్టుకోవడం తేలిక. మేప్‌ను ఒక అంకెగా చూడకుండా రోజువారీ శాతాలను పెద్దదాన్నుంచి కిందికి పేర్చి మొదటి ఇరవై రోజులు ఏవో చూడండి. అవన్నీ తక్కువ అమ్మిన రోజులే అయితే సంగతి తెలిసిపోయినట్టే.

ఇంతవరకు ఒక్క సున్నా కూడా లేదు, గమనించారా? కావాలనే పెట్టలేదు. ఒక రోజు అసలేమీ అమ్మకపోతే సున్నాతో భాగించాలి. అప్పుడు మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందన్నది దాని ఇష్టం. కొన్నిచోట్ల `Inf` అని వస్తుంది, అదే నయం, కనీసం ఏదో తేడా ఉందని తెలుస్తుంది. చాలామంది వాడే ఒక లైబ్రరీలో ఇది వేసి చూడండి.

```python
from sklearn.metrics import mean_absolute_percentage_error
mean_absolute_percentage_error([0, 5], [4, 5])
# 9007199254740992.0
```

రెండు రోజులు. ఒక రోజు సరిగ్గా చెప్పాం, ఇంకో రోజు నాలుగు దిమ్మలు తప్పాం. వచ్చిన అంకెలో పదహారు స్థానాలు. లోపల జరిగేది ఏమిటంటే, సున్నాతో భాగించకుండా తప్పించుకోవడానికి ఆ లైబ్రరీ కింద సున్నా బదులు కంప్యూటర్ గుర్తుపట్టే ఒక అతి చిన్న అంకెను పెడుతుంది. పైగా అది ఇచ్చేది శాతం కూడా కాదు, వందతో గుణించని నిష్పత్తి. ఇంత పెద్ద అంకె కనిపిస్తే ఎవరైనా ఆగి చూస్తారు, అదీ ఫర్వాలేదు.

ప్రమాదమంతా దాన్ని కప్పిపుచ్చే పనుల్లో ఉంది. మేం చేసింది అదే, సున్నా రోజులు తీసేశాం. అది పెద్ద తప్పు. అమ్మకం లేని రోజున నలభై దిమ్మలు చేయమన్న మోడల్‌కు అక్కడ శిక్షే లేకుండా పోతుంది, పరీక్షలో అది తప్పిన ప్రశ్నలే కొట్టేసినట్టు. ఇంకొందరు కింద ఒకటి కలుపుతారు. అప్పుడు జవాబు ఆ ఒకటి మీద ఆధారపడుతుంది, పది కలిపితే ఇంకో మోడల్ గెలుస్తుంది, ఎంత కలపాలో ఎవరు చెప్తారు? ఇంకొందరు స్మేప్ అంటారు, కింద అసలునూ అంచనానూ కలిపి సగం చేసి పెట్టడం. సున్నా రోజున అది ఎలా ఉంటుందంటే, మీరు ఒక దిమ్మ చెప్పినా 200 శాతమే, నాలుగొందల దిమ్మలు చెప్పినా 200 శాతమే. తప్పు పరిమాణమే దానికి కనిపించదు.

శాతానికి అర్థం ఉండాలంటే ఆ సున్నా నిజమైన సున్నా అయ్యుండాలి, ఇది కూడా ఒక మాట చెప్పుకుందాం. మనకు పైన లంబసింగి ఉంది, చలికాలం తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పోతుంది. ఒక రోజు మూడు డిగ్రీలన్నాం, ఒక డిగ్రీ వచ్చింది అనుకోండి, మేప్ ప్రకారం 200 శాతం తప్పు. ఇక్కడ బీచ్ రోడ్డు మీద 34 అన్నాం, 32 వచ్చింది, 6 శాతం చిల్లర. రెండుచోట్లా తప్పింది రెండు డిగ్రీలే. లంబసింగి అంకెనే కెల్విన్‌లోకి మారిస్తే ఒక్క శాతం కూడా రాదు. అదే చలి, అదే అంచనా, కొలత మారగానే 200 శాతం ఒక శాతం లోపు అయిపోయింది. సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు, వేడి అసలు లేకపోవడం కాదు. అందుకే ఉష్ణోగ్రతకు శాతాల్లో ఎర్రర్ చెప్పకూడదు. దిమ్మలకు సున్నా అంటే నిజంగా సున్నాయే, అయినా దాని దగ్గరికి వెళ్తే శాతం పేలిపోతుంది. రెండూ వేర్వేరు జబ్బులు, కలపకండి.

మరి యజమాని గారికి ఏం చెప్పాలి? ఆయనకు శాతమే కావాలంటే మొత్తం తేడాలను మొత్తం అమ్మకంతో ఒక్కసారే భాగించి చెప్పండి. మన పది రోజుల్లో క్యాలెండర్ మోడల్‌కు 50 బై 150, అంటే 33 శాతం. రోజుకు 4 అన్నవాడికి 84, 2 అన్నవాడికి 88, 15 అన్నవాడికి 140. మధ్యలో కొన్ని సున్నా రోజులున్నా ఇది పాడవదు, మొత్తం సున్నా కానంతవరకు. కానీ ఇది లోపల ఎంఏఈయే, సగటు అమ్మకంతో భాగించిన ఎంఏఈ, కాబట్టి ఇది కోరేదీ మధ్యగతమే. 15 అన్నవాడు మొత్తం సరిగ్గా చెప్పినా ఇక్కడ ఆఖరున పడ్డాడు, చూడండి.

ఇంకో దారి మేస్. హైండ్‌మన్, కోలర్ 2006లో ప్రతిపాదించారు. ట్రైనింగ్ కాలంలో "నిన్న ఎంతో ఈరోజూ అంతే" అన్న మొద్దు అంచనా సగటున ఎంత తప్పిందో తీసుకుని, టెస్ట్‌లో మన ఎంఏఈని దాంతో భాగించడం. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు సరుకులు పోల్చాలంటే నేను దీన్నే వాడతాను. మా ఐస్ కేసులో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం సీజన్ రోజులు, అక్కడ నిన్నటికీ ఈరోజుకీ తేడా పదుల్లో ఉంటుంది. ఆ పెద్ద అంకెతో నిషేధం రోజుల చిన్న తప్పుల్ని భాగిస్తే ఏ చెత్త మోడలైనా 0.1, 0.2 తెచ్చుకుని బాగుందనిపిస్తుంది. అందుకని సీజన్‌కూ నిషేధానికీ లెక్క విడదీసి రెండు అంకెలు ఇవ్వడం మేలు.

ఇక్కడ ఒకరు చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ... "క్యాలెండర్ మోడల్‌లో జూన్ 14 అని తేదీ రాసేస్తే సరిపోదా సార్" అంటున్నారు. మేమూ మొదట అలాగే రాశాం. 2020లో కోవిడ్ వల్ల నిషేధాన్ని కుదించి మే 31తోనే ముగించారు. ఆ ఏడాదిని టెస్ట్‌గా పెట్టగానే తేదీ రాసుకున్న మోడల్ మే 31న నాలుగు దిమ్మలు చెప్పింది, జూన్ 14న లేని రద్దీ చెప్పింది. పరీక్షలో ఒక్క ఏడాదే కాకుండా వీలైనన్ని ఏళ్లు జరుపుతూ పోవాలని అందుకే అంటున్నాను, ఇలాంటి ఏడాది ఒకటి తగిలితేనే మోడల్ ఏం నేర్చుకుందో బయటపడుతుంది. తేదీ తీసేసి "నిషేధం ముగియడానికి ఎన్ని రోజులుంది" అన్న కాలమ్ పెట్టాం. ఆ తేదీ ఉత్తర్వుల్లో ముందే వస్తుంది కాబట్టి రెండు రోజుల ముందు మన చేతిలో ఉంటుంది, ఇందాకటి బోట్ల కాలమ్‌లాగా కాదు.

ఇంకో ప్రశ్న ఉందా? ... "ఎక్కువ చేస్తే నష్టం వేరు, తక్కువ చేస్తే నష్టం వేరు కదా, రెంటినీ ఒకేలా కొలవడం ఎందుకు" అని. చాలా మంచి ప్రశ్న, మేస్త్రి గారు కూడా నన్ను ఇదే అడిగారు. దిమ్మ మిగిలితే స్టోర్‌లో కరెంటు ఖర్చు, కొంత కరుగుతుంది. తక్కువైతే బోటువాడు ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు. రెండోది మొదటిదానికి మూడు రెట్లు అనుకుంటే మనకు కావలసింది మధ్యగతం కాదు, నాలుగు రోజుల్లో మూడు రోజులకు సరిపోయే అంకె. అలా కొలిచే పద్ధతి ఉంది, పిన్‌బాల్ లాస్ అంటారు, తక్కువైన దిమ్మకు మూడు, మిగిలిన దిమ్మకు ఒకటి చొప్పున వేసి కూడడమే. కానీ మన పది రోజులకు అది కోరుకునే ఒకే అంకె ఎంతో చూడండి. పేర్చిన వరుసలో కింద నుంచి ఎనిమిదోది, 5. నాలుగు బదులు ఐదు, అంతే. జూన్ 14 రద్దీని ఏ కొలబద్దా మీకు తెచ్చిపెట్టదు, అది నిషేధం ముగియడానికి ఎన్ని రోజులుందన్న ఆ కాలమ్‌లోంచే రావాలి. ఇప్పుడు ఫ్యాక్టరీవాళ్ల షీట్‌లో ఎంఏఈ ఒక గడిలో, దిమ్మల్లోనే, సీజన్‌కూ నిషేధానికీ వేరువేరుగా ఉంటుంది. నిషేధం ముగిసే రోజు అంచనా, అసలు మాత్రం ఏడాదికొకటి చొప్పున విడిగా ఒక వరుసలో రాస్తారు. మేప్ గడి తీసేశాం. యజమాని గారు మొదటి నెల దాని గురించి అడిగారు, ఇందాకటి పది రోజుల కాగితం ఆయన ముందు పెట్టి 60.7, 50.2 చూపించాను. మళ్లీ అడగలేదు.